‘అన్నట్టు’ నుంచి ‘ఇంతకీ’ దాకా: చాట్‌బాట్‌లో సగంలో ఆగిన పని ఏమవుతుంది?

బుధవారం రాత్రి తొమ్మిదిన్నర. హైదరాబాద్‌లో ఒకావిడ బస్సు టికెట్లు బుక్ చేసే చాట్‌బాట్‌ని తెరిచిందనుకుందాం. "శుక్రవారం రాత్రి రాజమండ్రికి రెండు టికెట్లు కావాలి" అని టైప్ చేసింది. ఏసీనా, నాన్ ఏసీనా అని బాట్ అడిగితే ఏసీ స్లీపర్ అంది. ఎక్కడ ఎక్కుతారు అంటూ బాట్ మూడు పేర్లు చూపించింది: 1. మియాపూర్, 2. అమీర్‌పేట, 3. ఎల్బీ నగర్. సరిగ్గా అప్పుడే ఆవిడకి ఇంకో సంగతి గుర్తొచ్చింది. "అన్నట్టు, పోయిన వారం క్యాన్సిల్ చేసిన టికెట్ డబ్బులు ఇంకా పడలేదేంటి?"

కౌంటర్‌లో మనిషి ఉంటే ఇదేమీ పెద్ద విషయం కాదు. "ఆ టికెట్ ఏ తేదీదమ్మా?" అని అడిగి, కంప్యూటర్లో చూసి, "సోమవారానికల్లా పడిపోతాయి" అని చెప్పి, "ఇంతకీ ఎక్కడ ఎక్కుతారు?" అంటూ వదిలిన చోటికే వచ్చేస్తాడు. ఊరు, రోజు, ఎన్ని టికెట్లు అన్నవి మళ్లీ అడగడు. అడిగితే ఆవిడ ఊరుకోదు కూడా.

చాట్‌బాట్ దగ్గర ఈ ఒక్క వాక్యంతో పని మూడు రకాలుగా చెడుతుంది. మొదటిది మొండితనం. బాట్ ఎక్కే చోటు కోసం ఎదురుచూస్తోంది కాబట్టి, వచ్చిన మాట ఏదైనా దాన్ని ఆ గడిలోనే పెట్టాలని చూస్తుంది. "ఈ పేరు మా జాబితాలో లేదు, 1, 2, 3లో ఒకటి ఎంచుకోండి" అంటుంది. అదృష్టం కొద్దీ ఇక్కడ జాబితా ఉంది. అదే బాట్ ప్రయాణికుల పేర్లు అడుగుతున్నప్పుడు ఆవిడ ఈ మాట అని ఉంటే ఇంకా తమాషా. పేరు ఎలాగైనా ఉండొచ్చు కాబట్టి ఆ ఫిర్యాదు వాక్యం మొత్తం ప్రయాణికురాలి పేరుగా టికెట్ మీదకి ఎక్కేస్తుంది.

రెండోది మతిమరుపు. బాట్ రీఫండ్ సంగతి చక్కగా చెప్పి, "ఇంకేమైనా సహాయం కావాలా?" అంటుంది. టికెట్ల ఊసే ఎత్తదు. ఆవిడ "ఎల్బీ నగర్" అని జవాబిస్తే "క్షమించండి, అర్థం కాలేదు" అంటుంది.

మూడోది కలగాపులగం. పైకి కనపడదు కాబట్టి దీంతోనే ఎక్కువ చిక్కు. రీఫండ్ కోసం బాట్ "ఏ తేదీ టికెట్?" అని అడుగుతుంది, ఆవిడ "5" అంటుంది. బాట్ లోపల ‘తేదీ’ అనే గడి ఒక్కటే ఉంటే, శుక్రవారం అని ముందు రాసుకున్న 14 చెరిగిపోయి 5 వచ్చి కూర్చుంటుంది. తర్వాత ఆవిడ బుకింగ్‌కి తిరిగొచ్చి ఎల్బీ నగర్ అనగానే "గడిచిపోయిన తేదీకి టికెట్లు ఇవ్వలేం" అని వస్తుంది. తను అడిగింది వచ్చే శుక్రవారానికి కదా, ఇదేంటి అని ఆవిడ తల పట్టుకుంటుంది. తేదీ గడిచిపోయింది కాబట్టి ఈ తప్పు బయటపడింది. అది 5 కాకుండా ఇంకా రాని 20 అయి ఉంటే, డబ్బులు కట్టేదాకా ఎవరికీ తెలియదు.

గడులు, దొంతర

ఇలా గడులు నింపుకుంటూ పోయే పద్ధతి చాలా పాతది. 1977లో జిరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధనశాలలో డేనియల్ బాబ్రో, టెర్రీ వినోగ్రాడ్ తదితరులు గస్ అనే ప్రోగ్రామ్ గురించి రాశారు. కాలిఫోర్నియాలో ఒక ఊరికి విమానంలో వెళ్లి రావడానికి టికెట్ చూసిపెట్టడం దాని పని. ఎక్కడికి, ఏ రోజు, ఎన్ని గంటలకి అని ఒక ఫారం, అందులో గడులు, ఏ గడి ఖాళీగా ఉంటే దాని గురించి ప్రశ్న. ఇప్పటి బుకింగ్ బాట్లలో చాలావాటి అస్థిపంజరం ఇదే. ఒక్క ఫారం, ఒక్క పని ఉన్నంతకాలం ఈ ఏర్పాటు బాగానే నడుస్తుంది. రెండో పని మధ్యలోకి వచ్చినప్పుడు మొదటి ఫారాన్ని ఎక్కడ పెట్టాలన్నది వేరే ప్రశ్న.

దానికి పేరున్న జవాబు 1986లో వచ్చింది. బార్బరా గ్రోస్, క్యాండేస్ సిడ్నర్ అనే ఇద్దరు పరిశోధకులు మాటల్లో ధ్యాస ఎలా మారుతుందో వివరిస్తూ దాన్ని ఒక దొంతరతో పోల్చారు. ఆఫీసు బల్ల మీద ఫైళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు, కొత్త విషయం వస్తే పై ఫైలు అవుతుంది. అది తేలిపోగానే తీసి పక్కన పెడితే కింది ఫైలు దానంతటదే పైకొస్తుంది. ప్రోగ్రామర్లు స్టాక్ అనేది దీన్నే. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డాన్ బోహస్, అలెగ్జాండర్ రుడ్నికీ 2000ల మొదట్లో చేసిన రేవెన్‌క్లా అనే సంభాషణ వ్యవస్థ ఇలాంటి దొంతరతోనే నడిచింది. ఇప్పుడు చాలామంది వాడే రాసా అనే సాధనంలోనూ దొంతర ఉంది. మధ్యలో దూరిన పని ముగిశాక ఆగిన పనికి తిరిగి వెళ్లడానికి అందులో `pattern_continue_interrupted` అని ఒక తయారు ఏర్పాటే ఉంది.

మన ఉదాహరణలో రీఫండ్ ప్రశ్న రాగానే దొంతరలో కిందికి వెళ్లే బుకింగ్ ఫైలు దాదాపు ఇలా ఉండాలి:

```json
{
  "task": "book_ticket",
  "status": "paused",
  "waiting_for": "boarding_point",
  "filled": {
    "from": "Hyderabad",
    "to": "Rajahmundry",
    "date": "2025-11-14",
    "seats": 2,
    "bus_type": "AC sleeper"
  },
  "paused_at": "2025-11-12T21:34"
}
```

దీన్ని పని చీటీ అనుకుందాం. ఇందులో మూడు సంగతులు గమనించాలి. ఒకటి, `waiting_for`. ఏ ప్రశ్న అడిగి ఆగామో రాసి ఉంటేనే తిరిగొచ్చినప్పుడు అదే ప్రశ్నతో మొదలుపెట్టగలం. రెండు, గడులన్నీ ఈ చీటీ లోపలే ఉన్నాయి. రీఫండ్‌కి ఇంకో చీటీ, దాని తేదీ దానిది. ఇలా విడదీస్తే ఇందాకటి కలగాపులగం పుట్టదు. అలాగని రెండు పనుల మధ్య ఏదీ పంచుకోకూడదని కాదు. ఫోన్ నంబర్ మనిషికి సంబంధించింది, ఒకసారి చెబితే ఏ పనికైనా వాడుకోవచ్చు. తేదీ, టికెట్ల సంఖ్య పనికి సంబంధించినవి, అవి గోడ దాటకూడదు. గడి పేరు రెండు చోట్లా `date` అని ఒకటే ఉండటం చూసి రెండిటినీ కలిపేయడం కొత్తగా బాట్లు కట్టేవాళ్లు తరచూ చేసే పొరపాటు.

మూడోది చిన్నదిగా కనిపిస్తుంది కానీ పెద్దది. తేదీ గడిలో ‘శుక్రవారం’ అని కాకుండా 2025-11-14 అని రాసుకున్నాం. ఆవిడ శుక్రవారం అనకుండా ‘ఎల్లుండి’ అని ఉంటే సంగతి ఇంకా తేటగా తెలుస్తుంది. రీఫండ్ గొడవలో పడి, మధ్యలో పిల్లల్ని నిద్రపుచ్చి, అర్ధరాత్రి పన్నెండుంబావుకి తిరిగొచ్చిందనుకోండి. అప్పటికి గురువారం వచ్చేసింది. చీటీలో ‘ఎల్లుండి’ అనే మాటే ఉంటే అది శనివారం అయిపోయింది. రేపు, ఎల్లుండి, ఈ వారం లాంటి మాటలు అన్న క్షణంలోనే తేదీలుగా మారిపోవాలి. ఆగిన పని అంటేనే కాలం గడిచే పని కాబట్టి, మామూలు సంభాషణలో ఎప్పుడూ ఎదురవని ఈ తప్పు ఇక్కడే బయటపడుతుంది.

పక్కకెళ్లిందా, వదిలేసిందా?

చీటీ రాసుకోవడం ప్రోగ్రామర్‌కి ఒక పూట పని. అసలు చిక్కు వేరే చోట ఉంది. వచ్చిన కొత్త మాట పాత పనిని ఏం చేయమంటోందో తేల్చుకోవడంలో ఉంది. ఆవిడ కాసేపు పక్కకెళ్లి ఉండొచ్చు. పాత పని పూర్తిగా వదిలేసి ఉండొచ్చు. అసలు పక్కకే వెళ్లకుండా, పాత పనిలోనే ఏదో దిద్దుతూ ఉండొచ్చు. ఉదాహరణకి ఎక్కే చోటు అడిగినప్పుడు "కింది బెర్తులే కావాలండీ, మా అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు" అంటే అది ఎక్కే చోటు కాదు, అలాగని కొత్త విషయమూ కాదు. దీనికోసం కొత్త చీటీ తీసే బాట్ "మోకాళ్ల నొప్పులకి మేం సహాయం చేయలేం" అన్నా ఆశ్చర్యం లేదు.

గ్రోస్, సిడ్నర్ ఇంగ్లిష్‌లో ఇలాంటి మలుపుల్ని పట్టించే చిన్న చిన్న మాటల గురించి రాశారు. తెలుగులో ఈ మాటలకి కరువు లేదు, పైగా చాలా పదునుగా ఉంటాయి. ‘అన్నట్టు’ అంటే పక్కకెళ్తున్నాను, మళ్లీ వస్తాను అని. ‘ముందు ఇది చెప్పండి’ అంటే ఇంకా స్పష్టం. ముందు అన్నారంటే తర్వాత ఉందనే కదా. ఆ ఒక్క మాటతో చీటీని చించకుండా కింద పెట్టొచ్చు. ‘ఇంతకీ’ మామూలుగా తిరిగి రావడం. "ఇంతకీ టికెట్లు ఉన్నాయా?" అంటే ఏ టికెట్లు అని అడగాల్సిన పని లేదు, దొంతరలో కింద ఉన్న చీటీయే. ‘వదిలెయ్యండి’, ‘అక్కర్లేదు లెండి’ అంటే రద్దు. అయితే దేన్ని రద్దు చేయమన్నారో చూసుకోవాలి. రీఫండ్ మీద విసుగొచ్చి "వదిలెయ్యండి ఇక" అంటే పోవాల్సింది పై చీటీ ఒక్కటే. దొంతర మొత్తం ఊడ్చేసే బాట్లు ఉన్నాయి.

ఇవేవీ నూటికి నూరు పాళ్లు నమ్మదగ్గవి మాత్రం కావు. "ఇంతకీ మీ ఆఫీసు ఎక్కడ?" అంటే అది తిరిగి రావడం కాదు, కొత్త ప్రశ్న. ‘అది సరే గానీ’ పక్కకెళ్లడానికీ పనికొస్తుంది, పక్క నుంచి వెనక్కి రావడానికీ పనికొస్తుంది. ‘తర్వాత చూద్దాం లెండి’ సంగతి మనకి తెలిసిందే. మనవాళ్లు మొహమాటానికి వద్దనే మాటని అలా చెబుతారు. దాన్ని మాటకి మాటగా తీసుకుని మర్నాడు పొద్దున్నే "నిన్న తర్వాత చూద్దాం అన్నారు, ఇప్పుడు చూద్దామా?" అని మెసేజ్ పంపితే విసుక్కుంటారు. అలాంటప్పుడు చీటీని ఉంచి, వాళ్లంతట వాళ్లు ఎత్తేదాకా నోరు మెదపకపోవడమే పద్ధతి. పైగా చాలామంది తెలుగుని ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేస్తారు. `annattu`, `annatu`, `sare gani`, `sarle` అన్నవన్నీ తెలుగు లిపిలో రాసినట్టే బాట్ చెవికి వినపడాలి. తెలుగు లిపిలో ఉన్న మాటలతో మాత్రమే నేర్పిన బాట్‌కి ఈ సూచనల్లో చాలా కనపడకుండానే పోతాయి.

అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ‘సరే’. రీఫండ్ జవాబు ఇచ్చి, అదే మెసేజ్‌లో పాత ప్రశ్న కూడా కలిపి బాట్ ఇలా అందనుకుందాం: "మీ డబ్బులు సోమవారంలోగా పడతాయి. మీ రాజమండ్రి టికెట్లకి డబ్బులు కట్టేద్దామా?" ఆవిడ "సరే" అంది. ఆ సరే సోమవారానికా, డబ్బులు కట్టడానికా? ఆవిడ మనసులో మొదటిదే అయి ఉండొచ్చు. అంకెలతోనూ ఇదే తంటా. తిరిగొచ్చి ‘2’ అంటే రెండు టికెట్లా, జాబితాలో రెండోదైన అమీర్‌పేటా? పక్కకి వెళ్లకముందు చూపించిన జాబితా ఇప్పుడు తెర మీద పైకి పోయింది, ఆవిడకి దాని వరస గుర్తుండదు. అందుకే మూడు నియమాలు పెట్టుకోవడం మంచిది. పక్క పని ముగిసిన మెసేజ్‌లో డబ్బులు కదిలే ప్రశ్న కలపకూడదు. తిరిగొచ్చినప్పుడు పాత జాబితాని మళ్లీ పూర్తిగా చూపించాలి, లేదా బటన్లుగా ఇవ్వాలి. డబ్బులు కట్టడానికి ‘సరే’ చాలదు, "₹ ఇంత కట్టండి" అనే బటన్ నొక్కాల్సిందే.

వాట్సాప్‌లో నడిచే బాట్లకి ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. మనిషి పాత మెసేజ్‌ని వేలితో పక్కకి లాగి దానికే రిప్లై ఇస్తే, బాట్‌కి అందే సమాచారంలో ఆ పాత మెసేజ్ ఐడీ `context` అనే భాగంలో వస్తుంది. ఏ చీటీ ఏ మెసేజ్ పంపిందో బాట్ దగ్గర రాసి ఉంటే, ‘2’ అన్న జవాబు దేనికో ఊహించాల్సిన పనే లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న 161 సేవలతో వాట్సాప్‌లో మన మిత్ర మొదలుపెట్టిన దగ్గర్నుంచి, దరఖాస్తుల్లాంటి పొడుగాటి పనులు కూడా చాట్‌లోకే వస్తున్నాయి. అయినా ఇలా రిప్లై లాగేవాళ్లు తక్కువే. చాలామంది కింద ఉన్న పెట్టెలోనే టైప్ చేసేస్తారు.

తేల్చుకోలేనప్పుడు అడగడమే దారి. కానీ ఎలా అడుగుతామన్నది ముఖ్యం. "మీరు మీ ప్రస్తుత లావాదేవీని రద్దు చేయదలిచారా?" అంటే రీఫండ్ అడిగినావిడకి భయం వేస్తుంది. "రీఫండ్ సంగతి చూస్తున్నాను. రాజమండ్రి టికెట్ల వివరాలు అలాగే ఉంచాను" అని ఒక్క ముక్క చెబితే చాలు. అది ప్రశ్న కూడా కాదు, జవాబు అక్కర్లేదు. వదిలేయాలనుకుంటే ఆవిడే చెబుతుంది.

తిరిగొచ్చేసరికి ఏం మారింది?

దొంతర పద్ధతిలో ఒక గుడ్డి నమ్మకం ఉంది. పై ఫైలు తీయగానే కిందిది పెట్టినట్టే ఉంటుందని. ఫైలు అలాగే ఉంటుంది, బయటి లోకం ఉండదు. సీట్లు ఎంచుకున్నాక బుకింగ్ వ్యవస్థలు వాటిని ఆ మనిషి కోసం కొన్ని నిమిషాలే పట్టి ఉంచుతాయి. రీఫండ్ మాటల్లో ఆ నిమిషాలు దాటిపోతే కింది బెర్తులు ఇంకొకరికి పోయి ఉంటాయి. టికెట్ ధర మారి ఉండొచ్చు. అందువల్ల చీటీలో ప్రతి గడినీ ఒక్కలా చూడకూడదు. మనిషి చెప్పినవి (ఊరు, తేదీ, ఎంతమంది) మళ్లీ అడగకుండా ఉంచుకోవాలి. వ్యవస్థ చెప్పినవి (సీటు ఖాళీ, ధర) తిరిగొచ్చిన ప్రతిసారీ మళ్లీ కనుక్కోవాలి. ఈ రెండో రకం గడుల్ని చీటీలో అసలు దాచకపోవడమే మేలంటారు కొందరు. అదీ సబబే. కాకపోతే పాత ధర గుర్తుంటేనే "ఇందాకటి కంటే వంద రూపాయలు పెరిగింది" అని చెప్పగలం. చెప్పకుండా కొత్త ధర వేస్తే మోసం చేసినట్టు ఉంటుంది.

తిరిగొచ్చే మాట ఎంత పొడుగు ఉండాలన్నది ఎంతసేపు ఆగామన్నదాన్ని బట్టి ఉంటుంది. రెండు నిమిషాలైతే "ఇంతకీ ఎక్కడ ఎక్కుతారు?" అని, కింద మూడు పేర్లు. అంతకు మించితే ఎక్కువే. గంట దాటితే ఒక వాక్యంలో గుర్తు చేయాలి: "శుక్రవారం 14న రాజమండ్రికి రెండు ఏసీ స్లీపర్ టికెట్లు చూస్తున్నాం, ఎక్కే చోటు చెప్పాల్సి ఉంది." మర్నాడైతే ముందు కొనసాగించాలా వద్దా అని అడగాలి. వాట్సాప్‌లో మనిషి చివరి మెసేజ్ పంపి 24 గంటలు దాటితే, ముందుగా ఆమోదం పొందిన నమూనా మెసేజ్ తప్ప బాట్ తనంతట తాను ఏదీ పంపలేదు. కాబట్టి మర్నాడు గుర్తు చేయాలనే ఆలోచన ఉంటే దానికి తగ్గ నమూనా ముందే సిద్ధం చేసుకోవాలి.

చీటీ ఎంతకాలం బతకాలన్నదీ సాధనాన్ని బట్టి మనకి తెలియకుండానే నిర్ణయమైపోతుంటుంది. బాట్లు కట్టడానికి గూగుల్ ఇచ్చే డైలాగ్‌ఫ్లో ఈఎస్ అనే సాధనంలో సందర్భాన్ని గుర్తుపెట్టుకునే `context` మామూలుగా మనిషి అయిదుసార్లు మాట్లాడే వరకూ, గడువు 20 నిమిషాల వరకూ ఉంటుంది. రీఫండ్ గురించి ఆరుసార్లు అటూ ఇటూ మాట్లాడితే, ఎవరూ ఏ తప్పూ చేయకుండానే బుకింగ్ మాయమవుతుంది. పరీక్షలో ఇది దొరకదు, ఎందుకంటే పరీక్షించేవాళ్లు ఒక ప్రశ్న అడిగి వెంటనే వెనక్కి వస్తారు. నిజమైన మనుషులు డబ్బుల గురించి ఒక్క ప్రశ్నతో ఊరుకోరు. సగంలో ఆగిన పనిని మాటల లెక్కతో నడిచే జ్ఞాపకంలో ఉంచకూడదు, దానికి వేరే డేటాబేస్‌లో చోటు ఉండాలి.

దొంతర ఎత్తు కూడా అదుపులో ఉండాలి. రీఫండ్ మధ్యలో లగేజీ గురించి, లగేజీ మధ్యలో ఇంకో ఊరి బస్సు గురించి అడిగితే నాలుగు చీటీలు అవుతాయి. ఒక్కోటీ ముగిసినప్పుడల్లా బాట్ కింది చీటీకి వెళ్లి "ఇక లగేజీ సంగతికొద్దాం", "ఇక రీఫండ్ సంగతికొద్దాం" అంటుంటే, మనిషి ఎప్పుడో మరిచిపోయిన ప్రశ్నలకి ఇప్పుడు జవాబు చెప్పాలి. వరస ప్రకారమే వెనక్కి రావాలన్న నియమం కంప్యూటర్‌కి అందంగా ఉంటుంది, మనుషులు అలా రారు. కేవలం ప్రశ్న అడిగి జవాబు తీసుకునే వాటికి (లగేజీ ఎంత తీసుకెళ్లొచ్చు లాంటివి) చీటీ తీయనే అక్కర్లేదు. జవాబు చెప్పి మరిచిపోవచ్చు. చీటీ కావాల్సింది గడులు నింపాల్సిన పనులకే. ఆ లెక్కన రెండు మూడు ఆగిన పనులకి మించి ఉండటం అరుదు. అంతకు మించితే "నాలుగు పనులు సగంలో ఉన్నాయి, ఏది ముందు?" అని అడగడం మేలు.

పెద్ద భాషా నమూనాలు వచ్చాక

ఇదంతా పాతకాలపు గొడవ, ఇప్పుడు చాట్‌జీపీటీ లాంటివాటిని నడిపే పెద్ద భాషా నమూనాలకి మాట్లాడిందంతా గుర్తుంటుంది కదా అనిపించడం సహజం. రీఫండ్ ప్రశ్నని బెర్తుల మాట నుంచి వేరు చేయడంలో ఇవి పాత బాట్ల కంటే ఎంతో మెరుగన్నది నిజం. ‘అన్నట్టు’ని తెలుగు లిపిలో రాసినా, ఇంగ్లిష్ అక్షరాల్లో రాసినా చాలావరకు పట్టేస్తాయి. కానీ మాటలన్నీ ఎదురుగా ఉండటం వేరు, ఏ పని ఎక్కడ ఆగిందో తెలియడం వేరు. రీఫండ్ ముగిశాక నమూనా తాజాగా ఉన్న మాట వైపే మొగ్గి, టికెట్ల సంగతి ఎత్తకుండా మర్యాదగా వీడ్కోలు చెప్పేయగలదు. లేదా ఇంకా అధ్వానంగా, ఎక్కే చోటు ఎవరూ చెప్పకుండానే ఏదో ఒకటి అనేసుకుని "అమీర్‌పేట నుంచి మీ టికెట్లు సిద్ధం" అనగలదు. సంభాషణ మరీ పొడుగైతే పాత భాగాన్ని కుదించి సారాంశంగా పెడుతుంటారు. ఆ కుదింపులో "టికెట్ల గురించి మాట్లాడారు" అన్నది మిగులుతుంది, "ఎక్కే చోటు ఇంకా చెప్పలేదు" అన్నది రాలిపోతుంది. జరిగినవాటిని సారాంశం బాగానే పట్టుకుంటుంది, జరగనివాటిని పట్టుకోదు. సగంలో ఆగిన పనికి కావాల్సింది ఆ జరగనిదే.

అందుకే ఇప్పుడు కాస్త అనుభవం ఉన్నవాళ్లు పనిని రెండుగా పంచుతున్నారు. మనిషి మాటని అర్థం చేసుకోవడం నమూనాకి, చీటీలు పట్టుకోవడం మామూలు ప్రోగ్రామ్‌కి. ఆవిడ మాట వినగానే నమూనా నేరుగా జవాబు రాయదు, చిన్న ఆజ్ఞ ఒకటి ఇస్తుంది: కొత్త పని మొదలుపెట్టు, ఫలానా గడి నింపు, ఈ పని రద్దు చేయి, ఉత్త ప్రశ్నకి జవాబు చెప్పు. రాసా ఇప్పటి పద్ధతీ ఈ తరహాదే. ఆ ఆజ్ఞ ప్రకారం ప్రోగ్రామ్ చీటీని మారుస్తుంది. తర్వాత ప్రతి మాటకీ ముందు, దొంతరలో ఉన్న చీటీల్ని నమూనాకి మళ్లీ చూపిస్తారు. సంభాషణ ఎంత కుదించినా చీటీ కుదించరు. గడి నిజంగా నిండిందా లేదా అన్నది నమూనా మాట మీద వదలకుండా ప్రోగ్రామ్ చూసుకుంటుంది కాబట్టి, ఖాళీ గడితో టికెట్ బుక్ అయ్యే అవకాశం ఉండదు. తప్పు గడి నిండే అవకాశం మాత్రం ఇంకా ఉంది. "5" అన్నది ఏ చీటీకో నమూనా తప్పుగా ఊహిస్తే ప్రోగ్రామ్ కాపాడలేదు. డబ్బులు కట్టే ముందు అన్ని గడులనీ ఒకసారి చూపించడం అందుకే.

ఎలా పట్టుకోవాలి?

ఈ తప్పుల్ని పట్టే పరీక్ష మరీ కష్టం కాదు, ఓపిక కావాలి. పక్కకెళ్లకుండా సాఫీగా ముగిసిన ఒక బుకింగ్ సంభాషణ తీసుకోవాలి. అందులో ఎనిమిది ప్రశ్నలు ఉన్నాయనుకుందాం. ఒక్కో ప్రశ్న దగ్గరా ఒక్కో రకం మలుపు దూర్చాలి: ఉత్త ప్రశ్న ఒకటి, గడులున్న ఇంకో పని ఒకటి, పాత పనిలోనే దిద్దుబాటు ఒకటి, రద్దు ఒకటి. ఎనిమిది నాలుగులు ముప్ఫై రెండు సంభాషణలు. మలుపుకి ముందు చీటీని, తిరిగొచ్చాక చీటీని పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటి రెండు రకాల్లో ఏ గడీ మారకూడదు. దిద్దుబాటులో ఆ ఒక్క గడే మారాలి. రద్దులో చీటీ పోవాలి, మిగతావి ఉండాలి. బాట్ మాటలు ఎంత తీయగా ఉన్నాయో చూడక్కర్లేదు, చీటీ చూస్తే చాలు. పక్క పనికి కనీసం ఆరేడుసార్లు మాట్లాడాల్సి వచ్చేలా రాయడం మరిచిపోకూడదు, ఇందాకటి గడువుల తప్పు అప్పుడే బయటపడుతుంది.

నడుస్తున్న బాట్‌లో అయితే సంభాషణల చిట్టాలు, అంటే లాగ్‌లే చెబుతాయి. ఒకే సంభాషణలో ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగి, రెండుసార్లూ అదే జవాబు వచ్చిందంటే చీటీ ఎక్కడో జారిపోయింది. మనిషి తన మొదటి వాక్యాన్ని మొత్తం మళ్లీ టైప్ చేసినా అంతే. "మళ్లీ మొదటి నుంచా?" అని వెతికితే దొరికే సంభాషణలు చదవడం కాస్త బాధగానే ఉంటుంది కానీ, ఏ గణాంకాల కన్నా అవే త్వరగా దారి చూపిస్తాయి.

లాగ్‌లకి కూడా అందనిది ఒకటుంది. రీఫండ్ జవాబు వినగానే మాట ఆపేసినావిడ టికెట్లు వద్దనుకుందో, వాళ్లాయన ఈలోగా రైలు టికెట్లు తీసేశాడో, ఫోన్ చార్జింగ్ అయిపోయిందో బాట్‌కి తెలిసే దారి లేదు. ఒకసారి గుర్తు చేయొచ్చు, రెండోసారి చేస్తే నస. జవాబు రాకపోతే చీటీని అలాగే ఉంచి ఎదురుచూడటమే. శుక్రవారం రాత్రి బస్సు ఎల్బీ నగర్ దాటాక, ఎవర్నీ అడక్కుండా చించేయొచ్చు.